టీకా వరుస (కాజీపల్లి పారిశ్రామికవాడ)

టీకా డోసులు అందరికీ చాలనప్పుడు ఎవరికి ముందు వేయాలో తేల్చే క్రమమే టీకా వరుస. చనిపోయే ముప్పు ఎక్కువ ఉన్నవారికా, నలుగురికీ అంటించే అవకాశం ఉన్నవారికా అన్నదే ఇందులో అసలు చిక్కు. సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలోని కాజీపల్లి వంటి చోట ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడి మందుల కంపెనీల్లో పనిచేసేవారిలో చాలామంది వయసులో ఉన్నవారు, అద్దె గదుల్లో కలిసి ఉండేవారు.

2021 జనవరి 16న దేశంలో కోవిడ్ టీకా మొదట ఆరోగ్య సిబ్బందికి మొదలైంది. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, దీర్ఘవ్యాధులున్న 45–59 ఏళ్లవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 నిండిన అందరికీ అవకాశం ఇచ్చారు. ఏప్రిల్ 11 నుంచి అర్హులు సుమారు వందమంది ఉన్న పని స్థలాల్లోనే టీకా వేయడానికి అనుమతి వచ్చింది. అయితే అర్హతకు 45 ఏళ్లే గీత. దాంతో టీకా ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చినా, అదే షిఫ్టులోని పాతికేళ్ల కుర్రాడికి అందలేదు.

ఈ గీత తప్పా అంటే, లెక్క వేసి చూడాలి. కింది అంకెలు ఊహించినవే. చేతిలో వెయ్యి డోసులున్నాయి, టీకా పూర్తిగా కాపాడుతుందనుకుందాం. టీకా లేకపోతే వెయ్యిమంది వృద్ధుల్లో పదిమందికి జబ్బు సోకుతుంది, సోకిన వందమందిలో నలుగురు చనిపోతారు. అంటే 0.4 మరణాలు. వెయ్యిమంది యువ కార్మికుల్లో నలభై మందికి సోకుతుంది, కానీ సోకిన వెయ్యిమందిలో ఒక్కరే చనిపోతారు. అంటే 0.04. వృద్ధులకు వేస్తే పదిరెట్లు మేలు. అయితే ఆ నలభై మందిలో తొమ్మిది మంది ఒక్కో వృద్ధుడికి అంటించినా మరో 0.36 కలిసి లెక్క సమానమవుతుంది. పదో మనిషి అంటించాడా, కార్మికులకు ముందు వేయడమే మెరుగు.

ఈ రెండో దారి పనికిరావాలంటే టీకా వ్యాప్తినీ ఆపాలి. తొలి ప్రయోగాలు ప్రధానంగా కొలిచింది లక్షణాలతో వచ్చే జబ్బును ఎంత ఆపుతుందన్నదే. కనుక వ్యాప్తి సంగతి తేలని ఆనాడు వయసును పట్టుకోవడం సబబే. పైగా వయసు ఆధార్ కార్డులో ఉంటుంది, ఎవరు ఎంతమందిని కలుస్తారన్నది ఏ కార్డులోనూ ఉండదు.

తెలంగాణ ప్రభుత్వం 2021 మే 28న రెండో దారినీ పట్టింది. రేషన్ డీలర్లు, గ్యాస్ పంపిణీదారులు, పెట్రోలు బంకు సిబ్బంది మొదలైనవారిని ‘సూపర్ స్ప్రెడర్లు’గా గుర్తించి టీకాలు వేసింది. వృత్తిని బట్టి వరుస కట్టాలంటే శాఖల దగ్గర జాబితా ఉండాలి. రేషన్ డీలరు పేరు పౌరసరఫరాల శాఖ దగ్గర ఉంటుంది. కానీ కాజీపల్లి వంటి చోటికి ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కాంట్రాక్టు కూలీ పేరు చాలాసార్లు కాంట్రాక్టరు పుస్తకంలోనే ఉంటుంది.