శంకు లోలకం: ఒకే సూత్రం, మూడు చదువులు

ఒక దారానికి గుండు కట్టి, పై కొసను కదలకుండా బిగించి, గుండును వలయంగా తిప్పితే దారం గాలిలో ఒక శంకువును గీస్తుంది. దాన్నే శంకు లోలకం అంటాం. పాఠ్యపుస్తకాల్లో దీని లెక్క దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో వస్తుంది: దారం పొడవు L ఇస్తారు, దారం నిట్టనిలువు గీతతో చేసే కోణం θ ఇస్తారు, ఒక చుట్టుకు పట్టే కాలం, అంటే ఆవర్తన కాలం T కనుక్కోమంటారు. దారంలోని తన్యతను F అనుకుంటే, దాని నిలువు భాగం గుండు బరువును మోస్తుంది, కాబట్టి F cosθ = mg. అడ్డ భాగం గుండును వలయం కేంద్రం వైపు లాగుతుంది. ఆ వలయం వ్యాసార్ధం L sinθ కాబట్టి F sinθ = mω²L sinθ. రెండు వైపులా sinθ కొట్టేస్తే F = mω²L. దీన్ని మొదటి సమీకరణంలో పెడితే m కూడా పోతుంది, ω² = g/(L cosθ) మిగులుతుంది. అక్కడి నుంచి T = 2π√(L cosθ/g). మీటరు దారం, 30 డిగ్రీల కోణం అయితే L cosθ విలువ 0.866 మీటరు, కాలం సుమారు 1.87 సెకన్లు. నాలుగు వరుసల్లో లెక్క తేలిపోతుంది. అయితే ఈ లోలకం చరిత్రను వెనక్కి తిరగేస్తే ఒక విచిత్రం కనబడుతుంది. పొడవూ కోణమూ తీసుకుని కాలం తేల్చాలన్న ఈ ప్రశ్న, దీని మీద పనిచేసిన పెద్దల్లో ఎవరికీ అసలు ప్రశ్న కాదు. గడియారం దగ్గర పెట్టుకుని చుట్లు లెక్కపెడితే కాలం ఎలాగూ తెలుస్తుంది. వాళ్లకు కావలసింది వేరే. ఇదే సంబంధాన్ని ఒకరు g కోసం చదివారు, ఒకరు కోణం పీడ వదిలించుకోవడానికి చదివారు, మరొకరు వేగం నుంచి కోణం రాబట్టడానికి చదివారు.

మొదటి చదువు డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్‌ది. వస్తువులు మొదటి సెకనులో ఎంత దూరం పడతాయన్నది ఆనాడు తేలని విషయం. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ కొలతల ప్రకారం అది సుమారు 12 పారిస్ అడుగులు. పడే వస్తువును నేరుగా కొలవడం ఎంత కష్టమో ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది. 1659 శరత్కాలంలో హైగెన్స్ వలయ చలనంలో వస్తువు బయటికి తన్నుకునే బలాన్ని లెక్కకట్టాడు. ఆ బలాన్ని బరువుతో పోల్చడానికి శంకు లోలకాన్ని త్రాసులా వాడుకున్నాడు. దారం 45 డిగ్రీల వద్ద నిలబడితే బయటికి తన్నే బలమూ కిందికి లాగే బరువూ సరిసమానం. ఇప్పుడు మనం రాసే సూత్రం ఆ రూపంలో ఆయన దగ్గర లేదు. ఆయన భాష నిష్పత్తులది. రెండు శంకు లోలకాల దారాలు పొట్టీ పొడుగూ అయినా, శంకువుల ఎత్తులు సమానమైతే కాలాలూ సమానమే అన్నాడు. శంకువు ఎత్తు నుంచి రాయి నేల మీద పడే కాలానికీ ఒక చుట్టు కాలానికీ ఉన్న నిష్పత్తిని కూడా తేల్చాడు. మన లెక్కలో అది π√2, దాదాపు 4.44. L, cosθ అని రెండు రాశుల్ని మనం విడివిడిగా రాస్తున్నాం గానీ లోలకానికి తెలిసింది వాటి లబ్ధం ఒక్కటే, అంటే బిగింపు బిందువు నుంచి వలయం తలానికి ఉన్న నిలువు దూరం. ఈ సంగతి మన సూత్రంలో కంటే హైగెన్స్ నిష్పత్తుల్లోనే తేటగా కనబడుతుంది. 1673లో అచ్చయిన తన లోలక గడియారాల గ్రంథం చివర ఆయన ఈ సిద్ధాంతాలు పదమూడింటిని రుజువుల్లేకుండా పెట్టాడు. రుజువులు ఆయన పోయాక 1703లో గానీ వెలుగు చూడలేదు. పడే దూరానికి అదే గ్రంథంలో ఆయన ఇచ్చిన విలువ 15 పారిస్ అడుగుల 1 అంగుళం. మీటర్లలో చెబితే g సుమారు 9.8.

హైగెన్స్ రాతలు అచ్చు కాకముందే ఇంగ్లండులో ఐజాక్ న్యూటన్ అదే దారి తొక్కాడు. 1660ల మధ్యలో, ఒక కౌలు పత్రం రాసిన తోలు కాగితం వెనక, ఆయన చేసుకున్న లెక్క మిగిలింది. భూమి తిరుగుతుంటే దాని మీది వస్తువులు ఎగిరిపోవా అన్న పాత అభ్యంతరానికి అంకెల్లో జవాబు చెప్పడం ఆయన ఉద్దేశం. దానికి g కావాలి. ఆయన తీసుకున్న లోలకం పొడవు 81 అంగుళాలు, కోణం 45 డిగ్రీలు, గంటకు చుట్లు 1512. వెంట నడిచి చూద్దాం. ఒక చుట్టు కాలం 3600/1512, అంటే 2.381 సెకన్లు. వలయం వ్యాసార్ధం 81 × 0.7071 = 57.3 అంగుళాలు. వ్యాసార్ధమంత దూరం చాపం మీద నడవడానికి పట్టే కాలంలో, బయటికి తన్నే బలానికి సమానమైన బలం నిశ్చలంగా ఉన్న వస్తువును సగం వ్యాసార్ధం కదుపుతుంది. 45 డిగ్రీల వద్ద ఆ బలం బరువుకు సమానం కాబట్టి, వస్తువు పడే దూరం కూడా అదే. చాపం మీది ఆ కాలం 2.381/2π, అంటే 0.379 సెకను. అందులో పడే దూరం 28.6 అంగుళాలు. దూరం కాలవర్గంతో పెరుగుతుంది గనక ఒక సెకనుకు 28.6ను 0.379 వర్గంతో భాగించాలి, 200 అంగుళాలకు కొంచెం తక్కువ వస్తుంది. న్యూటన్ తీసుకున్నదీ 200 అంగుళాలే. భూమి తిప్పుడు వల్ల పుట్టే బలం కంటే గురుత్వం మూడు వందలకు పైగా రెట్లు పెద్దదని ఆయన తేల్చాడు. పాత అభ్యంతరం అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. 200 అంగుళాలంటే g సుమారు 10.2, నిజానికంటే మూడున్నర శాతం ఎక్కువ. కోణాన్ని కొలిచి g రాబట్టే పద్ధతి ఇంత గుడ్డిదైతే దాన్ని కొలత అనొచ్చా? సూత్రంలో g అసలు విలువ పెట్టి చూస్తే ఆ లోలకం గంటకు 1488 చుట్లు తిరగాలి. న్యూటన్ లెక్కలో 24 ఎక్కువ. దారం నిజంగా 45 వద్ద కాక 46.8 డిగ్రీల వద్ద ఉండి ఉంటే ఈ తేడా మొత్తం తీరిపోతుంది. అదే అక్కడ జరిగిందని నేననను. తిరిగే దారం పక్కన కోణమానిని పట్టుకుని రెండు డిగ్రీలు తప్పడం ఎంత సులువో చెప్పడానికే ఈ లెక్క. కోణంలో ఒక డిగ్రీ పొరపాటు 20 డిగ్రీల దగ్గర కాలాన్ని మూడో వంతు శాతమే మారుస్తుంది, 45 దగ్గర 0.9 శాతం, 70 దగ్గర 2.4 శాతం మారుస్తుంది. cosθ వాలు అలాంటిది. అందుకే ప్రయోగశాలలో తెలివిగా చేసేవాళ్లు కోణాన్ని ముట్టుకోరు. వలయం వ్యాసాన్ని కింద పరిచిన కాగితం మీద కొలిచి, దారం పొడవును గుండు మధ్య దాకా కొలిచి, ఎత్తును పైథాగరస్ లెక్కతో తీస్తారు. ఇంకో తప్పు కూడా పొంచి ఉంటుంది. గుండును చేత్తో వదిలినప్పుడు అది సరైన వలయంలో కాక కొంచెం దీర్ఘవృత్తంలో పడుతుంది. పైనుంచి చూస్తే ఆ దీర్ఘవృత్తం పొడవు అక్షం మెల్లగా పక్కకు జరుగుతూ పోవడమే దానికి గుర్తు. అలాంటప్పుడు చుట్టు పొడవునా ఒకే θ ఉండదు, సూత్రం ఆ మేరకు వర్తించదు. ఇన్ని లోపాలున్నా మెర్సెన్ 12 అడుగుల పక్కన పెడితే, మూడున్నర శాతం తప్పు చిన్నదే.

రాబర్ట్ హుక్ సంగతి ఎత్తకపోతే కొందరు ఒప్పుకోరు. 1666 మే 23న లండన్ రాయల్ సొసైటీలో ఆయన శంకు లోలకాన్నే తిప్పి చూపించాడు. నేరుగా పోయే వస్తువును కేంద్రం వైపు లాగే ఒక ఆకర్షణ ఎలా వంపు దారి పట్టిస్తుందో, గ్రహాలు సూర్యుడి చుట్టూ అలాగే ఎందుకు తిరగకూడదో చూపడం ఆయన ప్రయత్నం. ఊహ గొప్పది. లోలకంలో కేంద్రం వైపు లాగుడు దూరం పెరిగే కొద్దీ పెరుగుతుందనీ, సూర్యుడి విషయంలో అలా ఉండదేమోననీ ఆయనే నిజాయతీగా చెప్పాడు. కానీ ఆ ప్రదర్శనలో పొడవుకూ కోణానికీ కాలానికీ లెక్క లేదు. ఆకాశానికి అది బొమ్మ, కొలత కాదు. మన సూత్రం చరిత్రలో హుక్‌కు ఇంతకంటే పెద్ద చోటు ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం.

రెండో చదువు గడియారాల వాళ్లది. వాళ్లకు కోణమే శత్రువు. శంకు లోలకం తిరుగుతూనే ఉంటుంది, టక్ టక్ అని ఆగి ఆగి నడవదు, అందుకే చప్పుడు లేని గడియారానికీ, తర్వాతి కాలంలో నక్షత్రం వెంట దూరదర్శినిని కుదుపు లేకుండా తిప్పే యంత్రానికీ అది ఆశ చూపింది. చిన్న కోణాల్లో cosθ దాదాపు 1 కాబట్టి కాలం 2π√(L/g) అవుతుంది, మామూలు లోలకానిదీ అంతే, మరి తేడా ఏముందని అడగొచ్చు. తేడా ఆ 'దాదాపు'లో ఉంది. ఊపు పెరిగితే మామూలు లోలకం కాలం కొంచెం పెరుగుతుంది, శంకు లోలకం కాలం తగ్గుతుంది, అదీ నాలుగింతల జోరుగా. కోణం 10 నుంచి 11 డిగ్రీలకు జరిగితే మామూలు లోలకం గడియారం రోజుకు సుమారు 35 సెకన్లు వెనకబడుతుంది, శంకు లోలకం గడియారం రెండు నిమిషాలకు పైగా ముందుకు పరిగెడుతుంది. నడిపే బరువు లాగుడులో చిన్న మార్పు వచ్చినా, పళ్లచక్రాల్లో నూనె గడ్డకట్టినా కోణం ఆ మాత్రం జరుగుతుంది. హైగెన్స్ దీనికి కనిపెట్టిన విరుగుడు ముచ్చటైనది. కాలం ఎత్తును బట్టే ఉంటుంది గనక, కోణం మారినా ఎత్తు మారకుండా చేస్తే చాలు. దారం పైభాగం ఒక వంపు రేకు మీద చుట్టుకునేలా పెట్టి, గుండు ఒక పరావలయం గిన్నె లోపలి గోడ మీద తిరిగినట్టే తిరిగేలా ఆ వంపును ఎంచాడు. దారం ఎప్పుడూ ఆ పరావలయానికి లంబంగా ఉంటుంది. గుండు ఉన్న మట్టానికీ, దారం నడిమి అక్షాన్ని తాకే బిందువుకూ మధ్య ఉన్న నిలువు దూరమే ఇప్పుడు శంకువు ఎత్తు. గుండు పైకెక్కితే ఆ బిందువూ అంతే పైకి జరుగుతుంది. పరావలయంలో ఆ దూరం ఎక్కడైనా ఒక్కటే. సూత్రంలోని L cosθ చోట ఒక స్థిరాంకం వచ్చి కూర్చుంది, కోణం పోయింది. కాగితం మీద ఇది మచ్చలేని గడియారం. వాడుకలో మాత్రం ఊగే లోలకాన్ని అది తోసెయ్యలేకపోయింది.

మూడో చదువులో కోణం మళ్లీ మిత్రుడైంది. పిండిమరల్లో అప్పటికే తెలిసిన తిరుగుడు గుండ్ల ఏర్పాటును జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరి యంత్రానికి తగిలించాడు. గవర్నర్ అనేది రెండు శంకు లోలకాల జోడీయే, ఒక నిలువు ఇరుసుకు అటూ ఇటూ వేలాడేవి. ఇక్కడ కాలాన్ని యంత్రమే నిర్ణయిస్తుంది. యంత్రం జోరందుకుంటే T తగ్గుతుంది, సూత్రం నిలవాలంటే cosθ తగ్గాలి, గుండ్లు విచ్చుకుని పైకి లేస్తాయి, వాటికి కట్టిన మీట ఆవిరి ద్వారాన్ని కొంత మూస్తుంది. గడియారానికి శాపమైన కోణం మార్పే ఇక్కడ యంత్రానికి సమాచారం. అయితే సూత్రం ఇక్కడా ఒక హద్దు గీస్తుంది. ఎత్తు వేగవర్గానికి విలోమంగా ఉంటుంది. నిమిషానికి 60 చుట్ల వద్ద శంకువు ఎత్తు 25 సెంటీమీటర్లు, 120 వద్ద 6.2, 240 వద్ద ఒకటిన్నర సెంటీమీటరు. చేతులు దాదాపు అడ్డంగా చాచుకుపోయాక వేగం ఇంకా పెరిగినా గుండ్లు లేవడానికి చోటుండదు, మీట కదలదు. వాట్ కాలపు నెమ్మది యంత్రాలకు ఇది పట్టలేదు. యంత్రాల వేగం పెరిగాక పట్టింది. గుండు బరువు ఎంతైనా T మారదు కాబట్టి గుండ్లను లావు చేసినా ఫలితం ఉండదు. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ పోర్టర్ 1858లో వేరే పని చేశాడు. ఇరుసు మీద జారే ఒక పెద్ద దిమ్మను పెట్టి, దాన్ని కింది చేతులతో గుండ్లకు తగిలించాడు. దిమ్మ తిరిగినా దాని బరువు ఇరుసు మీదే ఉంది గనక బయటికి తన్నదు, గుండ్లను కిందికి మాత్రం లాగుతుంది. పైనా కిందా చేతులు సమానమైతే ఎత్తు (m + M)/m రెట్లు పెరుగుతుంది. 2 కిలోల గుండ్లకు 20 కిలోల దిమ్మ తోడైతే అది 11 రెట్లు. నిమిషానికి 240 చుట్ల వద్ద ఒకటిన్నర సెంటీమీటరున్న ఎత్తు 17 సెంటీమీటర్లవుతుంది. హైగెన్స్ నాటి నుంచి రెండు వందల ఏళ్లుగా కొట్టివేతలో పోతూ వచ్చిన m, M తోడు రావడంతో సూత్రంలో నిలిచిపోయింది.