ప్రసూతి సెలవు దరఖాస్తు: తేదీల లెక్క, బాధ్యతల అప్పగింత, తిరిగి చేరే ప్రతిపాదన

ప్రైవేటు సంస్థలో పనిచేసే ఉద్యోగిని ప్రసూతి సెలవు కోసం మానవ వనరుల విభాగానికి రాసే లేఖలో సాధారణంగా మూడు విషయాలు ఉంటాయి. సెలవు ఏ తేదీ నుంచి, తన పనిని ఎవరికి అప్పగిస్తారు, తిరిగి చేరాక ఏ ఏర్పాటు కోరుతున్నారు అన్నవే అవి. చట్టం దృష్టిలో ఈ మూడూ ఒకటి కావు. మొదటిది హక్కును వినియోగించుకునే నోటీసు. రెండవది సంస్థ సౌకర్యం కోసం ఉద్యోగిని చేసే సాయం. మూడవది ఇరుపక్షాలూ అంగీకరిస్తేనే అమలయ్యే ప్రతిపాదన. వీటిని ఒకే వాక్యంలో కలిపి రాస్తే, చట్టబద్ధంగా రావలసిన సెలవు కూడా సంస్థ దయతో మంజూరు చేసే కోరికలా కనిపించే ప్రమాదం ఉంది.

చట్టం ఏమి చెబుతోంది?

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. సామాజిక భద్రత కోడ్-2020, 2025 నవంబర్ 21న అమలులోకి రావడంతో ఈ నిబంధనలు దాని ఆరవ అధ్యాయంలో భాగమయ్యాయి. ప్రసవం జరగవలసిన తేదీకి ముందరి 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండటం ప్రధాన అర్హత. అప్పటికే ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలు ఉన్నవారికి సెలవు 12 వారాలకు పరిమితమవుతుంది.

నోటీసు లిఖితపూర్వకంగా ఉండాలి. అందులో మూడు అంశాలు తప్పనిసరి: ఏ తేదీ నుంచి విధులకు దూరంగా ఉంటారు, ప్రయోజనం మొత్తాన్ని తనకు గానీ తాను నామినేట్ చేసిన వ్యక్తికి గానీ చెల్లించాలన్న అభ్యర్థన, ఆ కాలంలో మరే సంస్థలోనూ పనిచేయబోనన్న ప్రకటన. నోటీసు అందిన తరువాత ఆ కాలానికి ఉద్యోగినిని గైర్హాజరు కానివ్వడం యజమాని విధి. ముందుగా ఇవ్వలేకపోతే ప్రసవానంతరం వీలైనంత త్వరగా ఇవ్వవచ్చు. నోటీసు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో హక్కు పోదు.

తేదీల లెక్క: ఒక ఉదాహరణ

హైదరాబాద్‌లోని ఒక సంస్థలో ఖాతాల విభాగంలో పనిచేస్తూ తొలి కాన్పు కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగినిని ఊహించుకుందాం. చివరి నెలసరి మొదటి రోజు 2025 డిసెంబర్ 8. అక్కడి నుంచి 280 రోజులు లెక్కిస్తే ప్రసవ తేదీ 2026 సెప్టెంబర్ 14, సోమవారం అవుతుంది. వైద్యులు స్కానింగ్ ఆధారంగా ఈ తేదీని సవరించవచ్చు. లేఖలో రాయవలసింది వైద్య ధ్రువపత్రంలో ఉన్న తేదీనే.

26 వారాల్లో ప్రసవానికి ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు. కాబట్టి ఆమె సెలవు జులై 20 కంటే ముందు మొదలు కారాదు. ఆరోగ్యం సహకరిస్తున్నందున, బిడ్డతో ఎక్కువ కాలం గడపాలని ఆమె ఆగస్టు 31 నుంచి సెలవు ఎంచుకుంది. ఆ రోజుతో కలిపి 182 రోజులు లెక్కిస్తే చివరి రోజు 2027 ఫిబ్రవరి 28. తిరిగి చేరవలసిన రోజు మార్చి 1, సోమవారం. ప్రసవానికి ముందు 2 వారాలు, ఆ తరువాత 24 వారాలు ఆమెకు లభిస్తాయి.

ఇక్కడ తరచుగా తలెత్తే పొరపాటు ఆదివారాలను వదిలి లెక్కించడం. వారం అంటే ఏడు రోజులూ కలిసినదే. ప్రయోజనాన్ని కూడా ఏడు రోజులకూ లెక్కగట్టాలని, వేతనం లేని ఆదివారాలను మినహాయించరాదని 1977లో ఒక తోట కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బిడ్డ అనుకున్న రోజునే పుట్టకపోవచ్చు. సెప్టెంబర్ 5న పుట్టినా, 20న పుట్టినా ఈ ఉద్యోగిని సెలవు ముగిసే తేదీ మారదు. సెలవు అప్పటికే మొదలైంది, మొత్తం 26 వారాలే. ఆలస్యమైతే ప్రసవం తరువాతి భాగం ఆ మేరకు తగ్గుతుంది. సెలవు మొదలు కాకముందే, ఉదాహరణకు ఆగస్టు 25న, ప్రసవం జరిగితే మాత్రం లెక్క ఆ రోజు నుంచే ఆరంభమై ఫిబ్రవరి 22తో ముగుస్తుంది. అందుకే లేఖలో ప్రారంభ తేదీ పక్కన ‘లేదా ప్రసవం జరిగిన రోజు, వీటిలో ఏది ముందైతే అది’ అన్న మాట చేర్చాలి. తిరిగి చేరే తేదీని ‘అంచనా’ అని పేర్కొనాలి.

బాధ్యతల అప్పగింత

అప్పగింత ప్రణాళిక సెలవుకు షరతు కాదు. దానిని లేఖలో కలపకుండా విడి అనుబంధంగా జతచేయడం మేలు. ప్రణాళిక నచ్చలేదనో, బదులు మనిషి దొరకలేదనో సెలవును ఆపే అవకాశం అప్పుడు ఉండదు.

ఖాతాల పని నెలవారీ చక్రంలో తిరుగుతుంది. టీడీఎస్ చెల్లింపు 7వ తేదీకి, జీఎస్‌టీఆర్-1 11వ తేదీకి, జీఎస్‌టీఆర్-3బీ 20వ తేదీకి పూర్తి కావాలి. పని నేర్పడానికి కాగితం మీది సూచనల కంటే రెండు పూర్తి చక్రాలు ఎక్కువ ఉపయోగపడతాయి. జులైలో ఆమె పని చేస్తుండగా సహోద్యోగి పక్కన కూర్చుని చూస్తారు. ఆగస్టులో సహోద్యోగి చేస్తుండగా ఆమె చూస్తారు. ఆగస్టు 20 నాటికి రెండో చక్రం ముగుస్తుంది కనుక, ప్రసవం కాస్త ముందే జరిగినా పని ఆగదు. ఈ లెక్క ప్రకారం దరఖాస్తు జూన్ మధ్య నాటికే ఇవ్వాలి. ఆమె జూన్ 15న, అంటే ప్రసవ తేదీకి 13 వారాల ముందు ఇచ్చింది.

పని నేర్పినంత మాత్రాన అప్పగింత పూర్తి కాదు. జీఎస్‌టీ పోర్టల్‌లో అధీకృత సంతకందారుగా ఆమె ఫోన్ నంబరే నమోదై ఉంటే, ఓటీపీ కోసం ప్రసూతి వార్డుకు ఫోన్ చేయవలసి వస్తుంది. బ్యాంకు చెల్లింపుల ఆమోదం ఆమె పేరుతోనే ఉన్నా ఇదే పరిస్థితి. ఈ మార్పులకు యాజమాన్య అనుమతి, కొంత సమయం కావాలి కాబట్టి జులైలోనే మొదలుపెట్టాలి. పాస్‌వర్డులను ప్రణాళికలో రాయకూడదు. సహోద్యోగికి విడిగా లాగిన్ ఇప్పించాలి.

సెలవులో ఉండగా ‘ఫోన్‌లో ఎప్పుడూ అందుబాటులో ఉంటాను’ అని హామీ ఇవ్వడం కూడా సరికాదు. ప్రసవానంతరం తొలి 6 వారాలు మహిళతో పని చేయించడాన్ని చట్టమే నిషేధిస్తోంది. సందేహాలకు మరో సీనియర్ పేరును సూచించడం సరైన మార్గం.

తిరిగి చేరే ఏర్పాటు

ఇంటి నుంచి చేయగల స్వభావం ఉన్న పని అయితే, సెలవు ముగిశాక కొంతకాలం అలా చేయడానికి యజమాని అనుమతించవచ్చని చట్టం చెబుతోంది. కాలవ్యవధి, షరతులు పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి. ఇది హక్కు కాదు కనుక ప్రతిపాదన నిర్దిష్టంగా ఉండాలి.

ఈ ఉద్యోగిని తిరిగి చేరేది ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో. పని ఒత్తిడిని పట్టించుకోని ప్రతిపాదన నిలవదు. కాబట్టి ఆమె మార్చి 1 నుంచి 8 వారాల పాటు వారానికి మూడు రోజులు ఇంటి నుంచి, రెండు రోజులు కార్యాలయం నుంచి పని చేస్తానని రాసింది. పద్దుల సరిపోల్చడం, రిటర్నుల తయారీ ఇంటి నుంచి. ఆడిటర్లతో సమావేశాలు, అసలు పత్రాల పరిశీలన కార్యాలయంలో. ఏప్రిల్ 26న ఏర్పాటును సమీక్షించవచ్చని సూచించింది.

హక్కుగా వచ్చేవాటిని ఈ ప్రతిపాదనలో చేర్చరాదు. బిడ్డకు 15 నెలలు నిండే వరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం, రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్లివచ్చే వెసులుబాటు అంగీకారంపై ఆధారపడవు.

లేఖ నమూనా

మానవ వనరుల విభాగాధిపతి గారికి,

విషయం: ప్రసూతి సెలవు నోటీసు

జతపరచిన వైద్య ధ్రువపత్రం ప్రకారం నా ప్రసవ తేదీ 2026 సెప్టెంబర్ 14. ఆగస్టు 31 నుంచి, లేదా ప్రసవం జరిగిన రోజు నుంచి, వీటిలో ఏది ముందైతే అప్పటి నుంచి, 26 వారాల పాటు ప్రసూతి సెలవులో ఉంటాను. తిరిగి చేరే తేదీ 2027 మార్చి 1 అని అంచనా. ప్రయోజనం మొత్తాన్ని నాకు గానీ, జతపరచిన పత్రంలో నామినేట్ చేసిన వ్యక్తికి గానీ చెల్లించగలరు. ఆ కాలంలో ఏ సంస్థలోనూ పనిచేయనని తెలియజేస్తున్నాను.

బాధ్యతల అప్పగింత ప్రణాళిక మొదటి అనుబంధంలో ఉంది. తిరిగి చేరిన తరువాత పని ఏర్పాటుపై నా ప్రతిపాదన రెండవ అనుబంధంలో ఉంది. దానిపై మీ నిర్ణయం ఈ నోటీసుతో సంబంధం లేకుండా విడిగా తెలియజేయగలరు.

లేఖ ఇచ్చిన తరువాత

ఈమెయిల్‌లో పంపినా, చేతికి ఇచ్చినా తేదీతో కూడిన రసీదు దాచుకోవాలి. ప్రసవానికి ముందరి కాలపు మొత్తాన్ని గర్భధారణ ధ్రువపత్రంపై ముందుగా, మిగిలినది బిడ్డ పుట్టిన ధ్రువపత్రం అందిన 48 గంటల్లో చెల్లించాలి. సెలవుకు ముందరి మూడు నెలల సగటు దినసరి వేతనం దీనికి ఆధారం. ఆచరణలో అనేక సంస్థలు నెలనెలా జీతంతోపాటే ఇస్తున్నాయి. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న ఉద్యోగినులకు ఈ మొత్తం ఈఎస్‌ఐ కార్పొరేషన్ నుంచి వస్తుంది. వారు అక్కడ దరఖాస్తు చేసినా, సంస్థకు సెలవు నోటీసు ఇవ్వక తప్పదు.

ప్రసవం వల్ల అనారోగ్యం కలిగితే, వైద్య రుజువుతో గరిష్ఠంగా మరో నెల వేతన సెలవు లభిస్తుంది. దానికి విడి దరఖాస్తు అవసరం. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని ఆ కారణంగా తొలగించడం, సేవా నిబంధనలను ఆమెకు నష్టం కలిగేలా మార్చడం చట్టవిరుద్ధం. సంస్థ సెలవు నిరాకరించినా, చెల్లింపు ఆపినా కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదులో నోటీసు ఎప్పుడు ఇచ్చారో, సెలవు ఏ తేదీ నుంచి కోరారో నిరూపించేది ఆ రసీదే.