నేను ఒక్క రాత్రిలో రాసిన ఆరు నెలల మీటింగులు | పొదుపు సంఘాల అసలు కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక తప్పు ఒప్పుకుంటూ మొదలుపెడతాను. 2010లో నేను ఎనిమిదో తరగతి. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు. అమ్మవాళ్ళ పొదుపు సంఘంలో పది మంది ఉండేవాళ్ళు. వాళ్ళలో గబగబా చదివి రాయగలిగినవాళ్ళు తక్కువ. అందుకని సంఘం పుస్తకం నా చేతికొచ్చింది. ఎవరు వచ్చారు, ఎవరెంత కట్టారు, ఎవరికి అప్పిచ్చారు అన్నీ నేనే రాసేవాణ్ణి. జీతం ఒక ప్లేటు బజ్జీలు.

ఒకరోజు సాయంత్రం సంఘం లీడర్, మా వీధిలో అందరికీ అత్త, ఇంటికొచ్చి "నాయనా, ఆరు నెలల నుంచి పుస్తకం రాయలేదు, రేపు బ్యాంకుకి తీసుకెళ్ళాలి, ఈ రాత్రికి రాసెయ్" అంది. రాసేశాను. ఆరు నెలల మీటింగులు, ఒకే పెన్ను, ఒకే కూర్చోవడంలో. పొద్దున్నే అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించారు. బ్యాంకు మేనేజర్ నాలుగు పేజీలు తిప్పి పుస్తకం మూసేసి వెనక్కి తోసేశాడు. అప్పు రాలేదు.

అప్పుడు నాకు ఆయన మీద కోపమొచ్చింది. తర్వాత ఇంజినీరింగ్ చేసి, ఉద్యోగంలో డేటాబేస్‌లతో కుస్తీ పట్టాక అర్థమైంది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని పది మంది ఆడవాళ్ళకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ పుస్తకం. దాన్ని నేను పాడుచేశాను.

ఎలాగో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి.

1982లో ప్రభుత్వం డ్వాక్రా అనే పథకం మొదలుపెట్టింది. ఇప్పటికీ మన ఊళ్ళలో ఏ పొదుపు సంఘాన్నైనా "డ్వాక్రా గ్రూపు" అనే అంటారు, ఆ పేరు అలా అతుక్కుపోయింది. కానీ మొదట్లో అందులో పొదుపు ముఖ్యం కాదు. పది పదిహేను మంది ఆడవాళ్ళని ఒక గ్రూపు చేసి, కొంత మూలధనం ఇచ్చి, ఏదైనా పని పెట్టుకోమనేవాళ్ళు. చాలాచోట్ల డబ్బు అయిపోగానే గ్రూపు కూడా అయిపోయింది. వచ్చింది సర్కారు డబ్బు. అది పోతే పక్కింటామె ఎందుకు అడుగుతుంది?

దాదాపు అదే కాలంలో కర్ణాటకలో మైరాడా అనే సంస్థ పనిచేసే ఊళ్ళలో వేరేది జరిగింది. పెద్ద పెద్ద సహకార సంఘాలు గొడవలతో విరిగిపోయాయి. వాటిలోంచి ఒకరినొకరు నమ్మేవాళ్ళు చిన్న చిన్న గుంపులుగా విడిపోయి, తమ డబ్బు తామే పోగుచేసుకుని, తమలో తామే అప్పులిచ్చుకోవడం మొదలుపెట్టారు. నాబార్డ్ ఇది గమనించింది. 1992లో దేశం మొత్తం మీద 500 సంఘాలని బ్యాంకులతో కలిపి చూద్దాం అని ఒక ప్రయోగం మొదలుపెట్టింది. రిజిస్ట్రేషన్ లేని సంఘం కూడా బ్యాంకులో ఖాతా తెరవొచ్చని 1993లో రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. సంఘంలో ఇరవై మందికి మించకూడదు అంటారు కదా, దాని వెనక పెద్ద తత్వమేం లేదు. అప్పటి కంపెనీల చట్టం ప్రకారం ఇరవై మంది దాటి లాభం కోసం వ్యాపారం చేస్తే రిజిస్టర్ చేసుకోవాలి. ఆ తలనొప్పి తప్పించుకోవడానికి ఆ గీత. అంతే.

మా జిల్లాలో దీనికి ఇంకో నిప్పు తోడైంది. చదువుల ఉద్యమంలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోసమ్మ పేరు మీరు వినే ఉంటారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మగవాళ్ళు సారా కొట్లో పోసే డబ్బులో కొంతైనా ఇంట్లో నిలబడాలంటే ఏం చేయాలి? రోజుకి ఒక రూపాయి పక్కన పెట్టండి అన్నారు. పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. మా అమ్మవాళ్ళ సంఘం అలా పుట్టిందే.

రోజుకి రూపాయి అంటే నవ్వొస్తుంది కదా. లెక్క చూద్దాం. మనిషికి నెలకి 30, పది మందికి 300. మూడు నెలలకి 900 రూపాయలు. అనుకుందాం, ఆ 900 కూరగాయల బుట్ట మోసే ఒకామెకి అప్పుగా ఇచ్చారు. సంఘాల్లో మామూలుగా నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. ఆమె నెలకి 225 చొప్పున అసలు తీర్చుకుంటూ పోతే, మొదటి నెల వడ్డీ 18, తర్వాత 13.50, తర్వాత 9, చివరికి 4.50. మొత్తం 45 రూపాయలు, నాలుగు నెలలకి.

అదే ఆమె బజార్లో రోజువారీ ఫైనాన్స్ వాడి దగ్గరికి వెళితే? వెయ్యి అని రాసుకుని వంద ముందే కోసుకుని 900 చేతిలో పెడతాడు. రోజుకి పది రూపాయలు, వంద రోజులు. "వందే కదా వడ్డీ" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే ఆమె తిరిగి కడుతోంది కాబట్టి, ఆ 900 మొత్తం ఆమె దగ్గర వంద రోజులూ లేదు. నేను కూర్చుని లెక్కేశాను, అది నూటికి నెలకి ఆరు రూపాయల పైనే పడుతుంది. పైగా ఆ వంద ఫైనాన్స్ వాడి జేబులోకి పోతుంది. సంఘంలో ఆ 45 ఎక్కడికి పోయింది? సంఘం డబ్బాలోకే. అందులో ఆమె వాటా కూడా ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఆమె కట్టకపోతే పోయేది ఎవరి డబ్బు? మిగతా తొమ్మిది మంది సారా కొట్టు నుంచి లాక్కొచ్చిన రూపాయిలు. అందుకే అప్పు ఇచ్చేముందు వాళ్ళే ప్రశ్నలడుగుతారు. బుట్ట ఎక్కడ పెడతావు, సరుకు ఎవరి దగ్గర తెస్తావు, మీ ఆయన లాక్కోడు కదా. ఈ చివరి ప్రశ్న ఏ బ్యాంకు ఫారంలోనూ ఉండదు.

ఆరు నెలలు ఇలా నడిచాక 1800 పోగవుతుంది. అప్పుడు బ్యాంకుకి వెళ్ళాలి. అప్పటి పద్ధతి ప్రకారం పొదుపుకి సమానంగా మొదలుపెట్టి నాలుగు రెట్ల దాకా, అంటే 7200 దాకా ఇచ్చేవాళ్ళు. అప్పు సంఘం పేరు మీద. తాకట్టు అడగకూడదు. బ్యాంకుకి ఏం లాభం? ఏడు వందల అప్పుకైనా, లక్ష అప్పుకైనా కాగితాల పని ఇంచుమించు ఒకటే. పది చిన్న అప్పులకి పది ఫైళ్ళు నడపాల్సింది, ఇప్పుడు ఒక్కటే ఫైలు. ఎవరికి ఇవ్వాలి, ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలి అన్న పని సంఘమే చేసుకుంటుంది. అయితే సంఘం నిజంగా ఆ పని చేస్తోందని మేనేజర్‌కి ఎలా తెలుస్తుంది? పుస్తకం చూసి.

మంచి పుస్తకం అందంగా ఉండదు. ఒక నెల నీలం సిరా, ఒక నెల నలుపు. ఒకామె రాలేదని ఐదు రూపాయల జరిమానా. ఒకామె కిస్తీ ఆలస్యం, కారణం బిడ్డకి జ్వరం, పై నెల రెండూ కలిపి కట్టింది. అప్పులు లీడర్‌కి, ఆమె తోడికోడలికే కాకుండా చుట్టూ తిరిగి ఉంటాయి. నేను రాసిన పుస్తకంలో అందరూ ప్రతి నెలా వచ్చారు, అందరూ టైముకి కట్టారు. ఒక్క కొట్టివేత లేదు. అలాంటి ఊరు ఎక్కడుంటుంది చెప్పండి?

మరి ఆ ఆరు నెలలు నిజంగా మీటింగులు ఎందుకు జరగలేదు? ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది.

ఆ రోజుల్లో ఊళ్ళోకి మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్ళు బైకుల మీద వచ్చేవాళ్ళు. వాళ్ళదీ గ్రూపు అప్పే, వాళ్ళూ తాకట్టు అడగరు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు పద్ధతి. ఐదుగురు ఒక గ్రూపు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి, వారం వారం కిస్తీ. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ అక్కడ ముందు పొదుపు లేదు. డబ్బు బయటిది, పుస్తకం కంపెనీది. "నీకు ఈ అప్పు అవసరమా?" అని అడిగే గొంతు లేదు, "కట్టు" అనే గొంతు మాత్రమే ఉంది. మన దగ్గర సంఘాలు అప్పటికే తయారుగా ఉన్నాయి కాబట్టి వాళ్ళకి వెతుక్కునే పని కూడా తప్పింది. అదే ఆడవాళ్ళు, రెండు మూడు కంపెనీల అప్పులు. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకొకటి.

మా సంఘంలో నలుగురు అలా ఇరుక్కున్నారు. వారం వారం అక్కడ కట్టేసరికి నెలాఖరుకి పొదుపుకి రూపాయి మిగిలేది కాదు. ఖాళీ చేతులతో మీటింగ్‌కి రావడానికి మొహం చెల్లక మానేశారు. వాళ్ళు రాకపోతే మిగతావాళ్ళూ తగ్గారు. పుస్తకం ఆగిపోయింది అలా.

ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు. 2006లోనే కృష్ణా జిల్లాలో వసూళ్ళ ఒత్తిడి మీద ఫిర్యాదులొచ్చి అధికారులు యాభై దాకా బ్రాంచీలు మూసేయించారు. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. అదే ఏడాది ఆత్మహత్యల వార్తలు పేపర్ల నిండా. అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కాదు నెలకోసారి కిస్తీ, ఇంటికొచ్చి వసూలు చేయకూడదు, వడ్డీ అసలుని మించకూడదు. కంపెనీల వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. మంచిదే అయింది అని ఊళ్ళో అన్నారు. కానీ సంఘంలో లేనివాళ్ళకి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది, వాళ్ళు మళ్ళీ పాత ఫైనాన్స్ వాడి దగ్గరికే నడిచారు. అది కూడా నేను చూశాను.

సంఘాలు గొప్పవి అని చెప్పి వదిలేస్తే అబద్ధం అవుతుంది. రోజుకి రూపాయి కూడా తీయలేని మనిషిని ఏ సంఘమూ చేర్చుకోదు. ఇంకోటి, బ్యాంకు అప్పు పెద్దదయ్యేకొద్దీ సంఘాలు దాన్ని అవసరాన్ని బట్టి కాకుండా సమానంగా పంచేసుకోవడం మొదలైంది. రెండు లక్షలొస్తే తలా ఇరవై వేలు. వ్యాపారం పెట్టేది ఇద్దరు, మిగతా ఎనిమిది మందిది ఫీజులకి, ఆస్పత్రికి, నగలు విడిపించుకోవడానికి పోతుంది. అది తప్పని నేననను, బయట ఆరు రూపాయల వడ్డీ తప్పిందిగా. కానీ కుట్టుమిషన్ కొనాలనుకున్నామెకి ఇరవై వేలలో సగం గుడ్డకే సరిపోతుంది. పైగా "నీ వ్యాపారం ఏంటి?" అని అడిగే ఆ పాత అలవాటు పోతుంది. అందరికీ వస్తున్నప్పుడు ఎవరు ఎవర్ని అడుగుతారు?

అమ్మవాళ్ళ సంఘం విషయం చెప్పి ముగిస్తాను. మేనేజర్ పుస్తకం తోసేశాక వాళ్ళు కొత్త నోట్‌బుక్ కొన్నారు. కట్టలేని ఆ నలుగురి పొదుపు సగానికి తగ్గించారు, కానీ మీటింగ్‌కి మాత్రం రావాల్సిందే అన్నారు. మొదటి పేజీలో ఆ నలుగురి కంపెనీ బాకీలు ఎంతెంత ఉన్నాయో నా చేతే రాయించారు. అందరి ముందూ, గట్టిగా చదువుతూ. ఒకామె ఏడ్చింది. నేను తలెత్తకుండా రాశాను. నాలుగో నెల మళ్ళీ బ్యాంకుకి వెళితే ఆ మేనేజర్ మొదటి పేజీ దగ్గరే చాలాసేపు ఆగాడట. తర్వాత "ఈ రైటింగ్ ఎవరిది?" అని అడిగాడట. అమ్మ మా అబ్బాయిదే అంది. అప్పు వచ్చింది, అడిగినదాంట్లో సగం. దాంట్లో అమ్మ వాటాతో ఇడ్లీ పాత్రలు, రుబ్బే మిషన్ వచ్చాయి. పొద్దున్నే ఆ మిషన్ మోత మధ్యే నేను పదో తరగతి చదివాను.