గోపురం ఏది? విమానం ఏది? ఆలయ నిర్మాణంలోని అంతరార్థం

తిరుమల శ్రీవారి ఆలయంలో బంగారు తాపడంతో మెరిసే నిర్మాణాన్ని చాలామంది బంగారు గోపురం అంటారు. శిల్పశాస్త్ర పరిభాషలో అది గోపురం కాదు, విమానం. దాని పేరు ఆనంద నిలయం. భక్తులు లోపలికి అడుగుపెట్టే మహాద్వారంపై ఉన్నదే గోపురం. దక్షిణాది ఆలయ నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భేదమే తొలి మెట్టు.

గుర్తుపట్టడం ఎలా?

గర్భగృహంపై లేచేది విమానం. ప్రాకార ద్వారంపై లేచేది గోపురం. దూరం నుంచి చూసినప్పుడు పైభాగమే ఆనవాలు. గోపుర శిఖరం బోర్లించిన దోనెలా పొడవుగా ఉంటుంది. ఆ పొడవునా బేసి సంఖ్యలో కలశాలు వరుసగా నిలుస్తాయి. విమాన శిఖరం సాధారణంగా గుండ్రంగానో, చతురస్రంగానో, ఎనిమిది పలకలతోనో ఉండి ఒకే కలశంతో ముగుస్తుంది. ఆనంద నిలయంపై ఉన్నది ఒకే కలశం. అయితే ఈ ఆనవాలుకు మినహాయింపులు లేకపోలేదు. మహాబలిపురంలోని భీమ రథానికి దోనె ఆకారపు శిఖరమే ఉంది. అందువల్ల కలశాలతో పాటు, కింద ఉన్నది ద్వారమా, గర్భగృహమా అన్నది కూడా చూడాలి.

దేహంగా విమానం

విమానాన్ని కింది నుంచి పైకి ఆరు అంగాలుగా చెబుతారు: అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి. అధిష్ఠానం పీఠం. పాదం గోడలు, స్తంభాలు ఉండే భాగం. ప్రస్తరం చూరు వరుస. గ్రీవం అంటే మెడ, దానిపై శిరస్సు శిఖరం, కొనన నిలిచే కలశ భాగం స్తూపి. ఈ పేర్లే నిర్మాణాన్ని నిలబడిన మనిషి దేహంగా భావించారని తెలుపుతాయి. దక్షిణాదిలో శిఖరమంటే పైనున్న ఆ శిరోభాగం మాత్రమే. ఉత్తరాదిలో గర్భగృహంపై లేచే కట్టడమంతటినీ శిఖరమనే పిలుస్తారు.

వెలుగు నుంచి చీకటిలోకి

గర్భగృహంలో గర్భ శబ్దానికి తల్లి కడుపు అని అర్థం. అందుకు తగ్గట్టే అది చిన్న చతురస్రపు గది. సాధారణంగా కిటికీలు ఉండవు, ద్వారం ఒక్కటే. గోడలపై అలంకరణ కూడా తక్కువే. ఎండలో గోపురం దాటిన భక్తుడు బలిపీఠం, ధ్వజస్తంభం చూసి, నీడ పరచుకున్న మండపంలోకి వస్తాడు. అక్కడి నుంచి ఇరుకైన అంతరాళం మీదుగా దీపపు వెలుగు మాత్రమే ఉన్న చోటికి చేరతాడు. అడుగడుగునా స్థలం కుదించుకుపోతుంది, వెలుగు తగ్గుతుంది. బయట వేయి దృశ్యాల మధ్య తిరిగిన చూపు చివరకు ఒకే రూపంపై నిలుస్తుంది. పైన విమానపు కొన, కింద మూలమూర్తి ఒకే నిలువు రేఖపై ఉండేలా కట్టడంలోని భావం కూడా ఇదే.

ద్వారం కేవలం దారి కాదు, హద్దు కూడా. గడపకు ఇరువైపులా ద్వారపాలకులు నిలుస్తారు. పలు ఆలయాల్లో ద్వారబంధం పై కమ్మీ మధ్యన గజలక్ష్మి కనిపిస్తుంది. ప్రాచీన ఆలయాల ద్వారబంధాలపై గంగా యమునల మూర్తులు చెక్కడంలో ఉద్దేశం, దాటేవారు పవిత్ర నదుల్లో మునిగి శుచులై లోనికి వెళ్తున్నారని సూచించడమే.

ద్వారం ఎందుకు ఎత్తైంది?

తొలినాళ్లలో ఎత్తు విమానానిదే. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేసిన తంజావూరు బృహదీశ్వరాలయ విమానం సుమారు 216 అడుగులు. దాని ముందున్న రెండు గోపురాలు అంతకంటే చాలా చిన్నవి. తర్వాతి శతాబ్దాల్లో ఈ క్రమం తలకిందులైంది. శ్రీరంగంలో గర్భగృహంపై ఉన్నది చిన్న బంగారు విమానం. దాని చుట్టూ ఏడు ప్రాకారాలు, బయటికి వచ్చేకొద్దీ ఎత్తైన గోపురాలు. వెలుపలి రాజగోపురం 1987లో పూర్తయింది. దాని ఎత్తు 236 అడుగులు.

ప్రతిష్ఠ జరిగిన గర్భగృహాన్ని కదిలించి పెద్దది చేయడం సులభం కాదు. అందుకే తర్వాతి పాలకులు కొత్త ప్రాకారాలు, వాటికి కొత్త ద్వారాలు కట్టించారు. ప్రతి తరం ముందు తరాన్ని మించాలని చూడటంతో గోపురాలు పెరిగాయి. బరువు తగ్గించేందుకు కింది భాగాన్ని రాతితో, పై అంతస్తులను ఇటుక, సున్నంతో నిర్మించడం పరిపాటి.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం ఈ కోవలోనిదే. 2010 మే 26న పగుళ్లు విచ్చి అది కూలిపోయింది. దానికి దూరంగా లోపల ఉన్న గర్భగృహానికి హాని కలగలేదు. అనంతరం అదే చోట కొత్త గోపురం లేచింది. గోపురం ఊరికి ఆలయాన్ని చూపే గుర్తు. దేవుని నివాసం మాత్రం గర్భగృహమే.