రాత్రి లోడ్లలో డేటా తనిఖీలు: చరిత్ర

సంస్థలో పగలంతా జరిగిన లావాదేవీలను రాత్రిపూట విశ్లేషణ డేటాబేస్‌లోకి చేర్చడాన్ని నైట్లీ లోడ్ అంటారు. అది సక్రమంగా జరిగిందో లేదో తేల్చడానికి ప్రధానంగా నాలుగు తనిఖీలున్నాయి. రావలసినన్ని వరుసలు వచ్చాయా, ఒకే రికార్డు రెండుసార్లు చేరిందా, తప్పనిసరి గడులు నల్‌గా, అంటే విలువే లేకుండా, ఉన్నాయా, వచ్చిన డేటా తాజాదేనా అని చూస్తారు. వీటిలో వరుసల లెక్క పంచ్ కార్డుల నాటిది. తాజాదనం పరీక్ష విడిగా, పేరుతో సహా స్థిరపడింది మాత్రం ఇటీవలి కాలంలోనే.

కార్డులు, మాగ్నెటిక్ టేపుల కాలంలో గుమాస్తాలు వోచర్లను కట్టలుగా కట్టి, ప్రతి కట్టకూ వోచర్ల సంఖ్యనూ సొమ్ము మొత్తాన్నీ రాసిన చీటీ జతచేసేవారు. యంత్రం తన లెక్కను ఆ చీటీతో సరిచూసేది. దీనికి తోడు హ్యాష్ టోటల్ కూడా ఉండేది. ఖాతా నంబర్లన్నిటినీ కూడితే వచ్చే ఆ మొత్తానికి సొంత అర్థమేమీ లేదు. కానీ ఒక కార్డు జారిపోయినా, ఒక అంకె మారినా అది మారిపోయేది. ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. అమెరికా బ్యాంకుల మధ్య చెల్లింపులను మోసే ఏసీహెచ్ ఫైళ్ల చివర 9తో మొదలయ్యే రికార్డు ఒకటి ఉంటుంది. ఎంట్రీల సంఖ్య, డెబిట్, క్రెడిట్ మొత్తాలు, బ్యాంకు రూటింగ్ నంబర్ల మొదటి ఎనిమిదేసి అంకెలను కూడగా వచ్చిన హ్యాష్ అందులో ఉంటాయి. లెక్కను పంపేవారే ఫైలుతోపాటు పంపడం ఈ పద్ధతిలోని బలం. నేటి పైప్‌లైన్లు చాలావాటిలో ఆ ఏర్పాటు లేకపోవడం నిజమైన లోటు.

1970లో ఈ.ఎఫ్. కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాక డూప్లికేట్ల తనిఖీ డేటాబేస్ చేతికి వెళ్లింది. ప్రైమరీ కీ ఉన్న టేబుల్‌లోకి అదే కీతో రెండో వరుస రాబోతే డేటాబేసే తిప్పికొడుతుంది. `NOT NULL` అని ప్రకటించిన కాలమ్‌లో నల్‌ను రానివ్వదు. అయితే వేర్‌హౌస్‌ల విషయం వేరు. 1990లలో బిల్ ఇన్మన్, రాల్ఫ్ కింబల్ పుస్తకాలతో ఆ పద్ధతి విస్తరించింది. రాత్రికి రాత్రి లక్షల వరుసలు ఎక్కించాల్సి వచ్చినప్పుడు, ఒక్కో వరుసకూ కీ పరీక్ష జరిగితే తెల్లవారేసరికి లోడ్ పూర్తికాదు. అందుకే లోడ్ సమయంలో ఆ నిబంధనలను ఆపేసి, పరీక్షలను విడిగా నడిపే అలవాటు మొదలైంది. కింబల్, జో కాసెర్టా 2004లో తెచ్చిన ఈటీఎల్ పుస్తకం ఈ పరీక్షలను స్క్రీన్లు అని పిలిచింది. దొరికిన ప్రతి తప్పునూ ఒక ప్రత్యేక టేబుల్‌లో నమోదు చేయాలనీ, లోడ్‌ను ఆపడమా, ఆ వరుసను పక్కన పెట్టడమా, గుర్తు వేసి పంపడమా అన్నది ముందే నిర్ణయించుకోవాలనీ చెప్పింది.

క్లౌడ్ వేర్‌హౌస్‌లు వచ్చాక ఈ సడలింపే నియమమైంది. అమెజాన్ రెడ్‌షిఫ్ట్‌లో, స్నోఫ్లేక్‌లోని మామూలు టేబుళ్లలో `NOT NULL` అమలవుతుంది కానీ ప్రైమరీ కీ పేరుకు మాత్రమే ఉంటుంది. పైగా రెడ్‌షిఫ్ట్ ఆ ప్రకటనను నమ్మి క్వెరీ ప్రణాళిక వేసుకుంటుంది కాబట్టి, కీ నిజానికి ఏకైకం కాకపోతే ఫలితాలే తప్పుగా రావచ్చు. ఈ ఖాళీని పూరించిన పనిముట్లలో 2016లో మొదలైన డీబీటీ బాగా వ్యాపించింది. అందులో పరీక్ష అంటే తప్పు వరుసలను వెతికే క్వెరీ. ఏదీ దొరక్కపోతే పాసైనట్టు. డూప్లికేట్ల పరీక్ష సారాంశం ఇది:

```sql
SELECT order_id, COUNT(*) AS n
FROM orders
WHERE order_id IS NOT NULL
GROUP BY order_id
HAVING COUNT(*) > 1;
```

ఇందులోని `WHERE` షరతును గమనించాలి. నల్ ఉన్న వరుసలు ఈ పరీక్షకు కనిపించవు. వెయ్యి వరుసల్లో `order_id` లేకపోయినా ఇది పాసవుతుంది. కాబట్టి `unique`, `not_null` పరీక్షలు రెండూ జంటగా నడవాలి. నల్ పరీక్షకూ ఇలాంటి హద్దే ఉంది. సోర్స్ సిస్టమ్ ఖాళీ స్ట్రింగ్‌నో, `N/A`నో, `1900-01-01` అనే తేదీనో పంపితే అది నల్ కాదు కనుక దాటిపోతుంది.

తనిఖీలు ఒకదానికొకటి ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక దుకాణ సంస్థ నుంచి గంటకొకటి చొప్పున 24 ఆర్డర్ ఫైళ్లు, ఒక్కో దానిలో 2,000 వరుసలు వస్తాయనుకుందాం. ఉదయం 10 గంటల ఫైలు రాలేదు. సాయంత్రం 6 గంటల ఫైలు పూర్తిగా చేరిన తర్వాత జాబ్ ఆగిపోయింది. దాన్ని మళ్లీ నడపగా ఆ ఫైలు రెండోసారి చేరింది. మొత్తం 48,000 వరుసలు. సోర్స్‌లోనూ అంతే, కనుక వరుసల లెక్క పాసైంది. డూప్లికేట్ల పరీక్ష మాత్రం 2,000 ఆర్డర్లను పట్టుకుంటుంది. వాటి అదనపు ప్రతులను తీసేసి అక్కడితో ఆగితే, రాని 2,000 ఆర్డర్ల సంగతి ఎవరికీ తెలియదు. తీసేశాక లెక్క మళ్లీ చూస్తే 46,000 వస్తుంది. గంటలవారీగా చూస్తే 10 గంటల దగ్గర సున్నా, 6 గంటల దగ్గర 4,000 వెంటనే కనిపించి ఉండేవి. మొత్తం లెక్క కంటే ఫైలువారీ లెక్కే నమ్మదగినది. జాబ్ మళ్లీ నడిచినప్పుడు ఆ గంట వరుసలను ముందు తొలగించి ఆపైన చేర్చేలా రాస్తే ఈ డూప్లికేట్లు అసలు పుట్టవు.

తాజాదనం పరీక్ష టేబుల్‌లోని సమయపు కాలమ్ గరిష్ఠ విలువను ప్రస్తుత సమయంతో పోలుస్తుంది. డీబీటీలో హెచ్చరికకు `warn_after`, వైఫల్యానికి `error_after` అని రెండు గడువులు పెట్టవచ్చు. ఏ గడియారాన్ని చూస్తున్నామన్నదే ఇక్కడ చిక్కు. జాబ్ పాత ఫైలునే మళ్లీ చదివినా లోడ్ సమయం కొత్తదిగానే ఉంటుంది. ఆర్డర్ జరిగిన సమయాన్ని చూస్తేనే పాతదని తేలుతుంది. భారత్‌లో నడిచే లోడ్లకు ఇంకో చిక్కుంది. 15వ తేదీ తెల్లవారుజాము 2 గంటలకు యూటీసీలో ఇంకా 14వ తేదీ రాత్రి 8:30. డేటాబేస్ యూటీసీలో ఉండి, పరీక్ష `CURRENT_DATE - 1` అని అడిగితే అది 13వ తేదీని చూస్తుంది. 14వ తేదీ డేటా ఒక్క వరుస రాకపోయినా, మొన్నటి డేటా ఉంది కాబట్టి పాసంటుంది. తేదీని `Asia/Kolkata`లోకి మార్చి అడగడమే దీనికి మందు.

వరుసల లెక్కకు హద్దులు పెట్టడం కూడా తేలిక కాదు. సోర్స్ లెక్క అందనప్పుడు గత రోజులతో పోల్చాలి. ఆదివారాన్ని శనివారంతో పోలిస్తే అనవసరపు అలారాలు మోగుతాయి. గత నాలుగు ఆదివారాలతో పోల్చడం మేలు, అయినా దీపావళి వారం ఆ అంచనా తప్పుతుంది. అలారాలు తరచూ వృథాగా మోగితే జనం చూడడం మానేస్తారు. ఈ పరీక్షలు విలువల సత్యాన్ని చూడవనీ గుర్తుంచుకోవాలి. రూపాయలకు బదులు పైసలు వచ్చినా నాలుగూ పాసవుతాయి.

పరీక్ష ఎప్పుడు జరగాలన్నది చివరిగా తేలిన ప్రశ్న. లోడ్ అయిన టేబుల్‌ను తర్వాత పరీక్షిస్తే, ఆలోపే ఎవరో ఆ తప్పు అంకెలు చూసేస్తారు. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు 2017లో రైట్-ఆడిట్-పబ్లిష్ పద్ధతిని బహిరంగంగా వివరించారు. డేటాను ముందు ఎవరికీ కనిపించని చోట రాసి, పరీక్షించి, పాసైతేనే అసలు టేబుల్‌కు చేర్చడం ఆ పద్ధతి. అపాచీ ఐస్‌బర్గ్‌లో ఇప్పుడు టేబుల్‌కు శాఖలు తెరిచే సౌకర్యం ఉంది. రాత్రి లోడ్‌ను ఒక శాఖలో రాసి, తనిఖీలు నెగ్గాక ప్రధాన శాఖను అక్కడికి జరిపితే సరిపోతుంది, వరుసలను మళ్లీ కాపీ చేయనక్కర్లేదు.