విదేశీ భాషల తెరపట్టులలో తేదీ, సంఖ్యల రూపాలు

కంప్యూటరు తెరపై కనిపించే దానిని బొమ్మగా భద్రపరచినదే తెరపట్టు. విదేశీ భాషల తెరపట్టులలో అంకెలు పరిచితంగానే ఉన్నా, వాటిని వ్రాసే తీరు దేశాన్ని బట్టి మారడం వలన అర్థం తారుమారు కావచ్చును.

== జర్మన్ తెరపట్టులు ==
ఉదాహరణకు ఒక జర్మన్ తెరపట్టులో తేదీ 05.04.2024 అని, సరకుల సంఖ్య 1.250 అని ఉన్నాయి. జర్మనీలో రోజు, నెల, సంవత్సరం అనే క్రమం పాటిస్తారు కనుక ఇది ఏప్రిల్ 5. అమెరికా క్రమంలో చదివితే మే 4 అవుతుంది. జర్మన్ సంఖ్యలలో చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశాన్ని సూచిస్తుంది. కావున 1.250 అనగా పన్నెండు వందల యాభై. ఒకటింబావును 1,25 అని వ్రాస్తారు.

== గుర్తించే విధానం ==
అదే తెరపై 23.04.2024 వంటి మరొక తేదీ ఉంటే, 23వ నెల లేదు కనుక మొదటి అంకె రోజే. 1.250,75 వంటి సంఖ్యలో చివరి గుర్తు దశాంశానిది. మెనూల భాష ఒక్కటే ఆధారం కాదు. విండోసులో తెర భాష, ప్రాంతీయ రూపం వేర్వేరు అమరికలు కనుక జర్మన్ మెనూల నడుమ అమెరికా తేదీలు ఉండవచ్చును.

== జపనీస్ అంకెలు ==
జపనీస్ తెరపట్టులలో సంవత్సరం ముందు వస్తుంది: 2024年4月5日. ఇందులో 年 సంవత్సరాన్ని, 月 నెలను, 日 రోజును తెలుపుతాయి. కొన్నిచోట్ల అంకెలు ２０２４ అని, పక్కనున్న జపనీస్ అక్షరమంత వెడల్పుగా కనిపిస్తాయి. యూనికోడులో వీటి సంకేతాలు వేరు: మామూలు 1 సంకేతం U+0031, వెడల్పాటి 1 సంకేతం U+FF11. అందువలన రెండింటినీ ఒకటిగా పరిగణించని అన్వేషణలో మామూలు అంకెలు టైపు చేస్తే ఫలితం దొరకదు.