లాప్‌టాప్ ఛార్జరు మార్పిడి

లాప్‌టాప్ ఛార్జరు మార్పిడి అనగా ఒక కంపెనీ లాప్‌టాప్‌నకు వేరొక కంపెనీ ఛార్జరును (దీనినే అడాప్టర్ అని కూడా అంటారు) వాడటం. ప్లగ్గు సరిపోయినంత మాత్రాన ఛార్జరు సరిపోయినట్లు కాదు. వోల్టేజి, ధ్రువత ఒకటే అయి, వాట్లు సమానంగా గాని ఎక్కువగా గాని ఉన్నప్పుడు ఇటువంటి మార్పిడి సాధారణంగా ప్రమాదకరం కాదు. అయితే కొన్ని లాప్‌టాప్‌లు ఇతర ఛార్జర్లను గుర్తించక, బ్యాటరీని ఛార్జి చేయవు.

ఛార్జరుపై ముద్రించిన వివరాలు

ప్రతి ఛార్జరు వెనుకనున్న పట్టీపై OUTPUT అనే మాట పక్కన రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 19.5V, 3.34A. మొదటిది వోల్టేజి, రెండవది ఛార్జరు ఇవ్వగల గరిష్ఠ విద్యుత్ ప్రవాహం. ఈ రెండింటి లబ్ధమే వాట్లు:

19.5 × 3.34 = 65 వాట్లు (సుమారుగా)

ఆ పక్కనే చిన్న వలయాల బొమ్మతో ధ్రువత సూచించబడి ఉంటుంది. అనేక లాప్‌టాప్ ఛార్జర్లలో ప్లగ్గు లోపలి భాగం ధనం, వెలుపలి భాగం ఋణం. ఇది తారుమారైన ఛార్జరును వాడరాదు.

వాట్లు ఎక్కువైనచో

వోల్టేజిని ఛార్జరు నిర్ణయిస్తుంది. ఎంత ప్రవాహం తీసుకోవాలో లాప్‌టాప్ నిర్ణయిస్తుంది. ఇంటిలోని 230 వోల్టుల సాకెట్‌నకు చిన్న బల్బు తగిలించినా, ఇస్త్రీపెట్టె తగిలించినా సాకెట్ ఒకటే. ఏది ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. అట్లే 65 వాట్ల లాప్‌టాప్‌నకు అదే వోల్టేజి గల 90 వాట్ల ఛార్జరు పెట్టినా అది తనకు కావలసినంతే తీసుకుంటుంది. మిగిలిన సామర్థ్యం వాడబడకుండా ఉండిపోతుంది.

వాట్లు తక్కువైనచో

65 వాట్లు కోరే లాప్‌టాప్‌నకు 45 వాట్ల ఛార్జరు పెట్టినప్పుడు, యంత్రం తేలిక పనిలో ఉన్నంతసేపు ఇబ్బంది కనబడకపోవచ్చు. బ్యాటరీ ఛార్జి అవుతూ, పెద్ద పని కూడా సాగుతున్నప్పుడు ఛార్జరు తన పరిమితిని దాటి పనిచేయవలసి వస్తుంది. మంచి ఛార్జరు తనంతట తానే ఆగిపోయి, మరల మొదలవుతుంది. రక్షణ ఏర్పాట్లు సరిగా లేని చౌక ఛార్జరు మితిమీరి వేడెక్కుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఛార్జింగ్ దీపం పదే పదే ఆరి వెలగటం, ఛార్జరు చేతితో పట్టుకోలేనంత వేడెక్కటం, ప్లాస్టిక్ కాలిన వాసన రావటం దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ముందుగా గోడ స్విచ్చిని ఆపివేయాలి.

వోల్టేజి తేడా

వాట్ల తేడా కంటె వోల్టేజి తేడా ముఖ్యమైనది. 19, 19.5 వోల్టుల మధ్యనున్న స్వల్ప వ్యత్యాసాన్ని అనేక లాప్‌టాప్‌లు తట్టుకుంటాయి. పెద్ద తేడాను తట్టుకోలేవు. 2006 ప్రాంతానికి ముందు వచ్చిన థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లు అనేకం 16 వోల్టులతో పనిచేసేవి. వాటి ప్లగ్గు కొలత (5.5 × 2.5 మి.మీ.) గల 19 వోల్టుల ఛార్జర్లను ఇతర కంపెనీలు తయారుచేశాయి. ప్లగ్గు చక్కగా పట్టినా, వోల్టేజి 3 వోల్టులు అధికమైనందున లోపలి సర్క్యూట్ చెడిపోయే అవకాశం ఉన్నది.

ఒక ఉదాహరణ: డెల్, హెచ్.పి.

ఈ రెండు కంపెనీలు అనేక నమూనాలలో 7.4 మి.మీ. ప్లగ్గును, దాని నడుమ సన్నని పిన్నును వాడాయి. 65 వాట్ల డెల్ లాప్‌టాప్‌నకు హెచ్.పి. వారి 19V, 4.74A ఛార్జరు (90 వాట్లు) పెట్టారనుకుందాం. ధ్రువత ఒకటే, వోల్టేజి తేడా అర వోల్టు, వాట్లు కావలసినదానికంటె ఎక్కువ. అయినప్పటికీ తెరపై ఇటువంటి సందేశం వస్తుంది:

The AC power adapter wattage and type cannot be determined.

దీనికి కారణం నడిమి పిన్ను. డెల్ ఛార్జరులో ఒక చిన్న చిప్ ఉండి, ఈ పిన్ను ద్వారా తన వాట్లు ఎంతో లాప్‌టాప్‌నకు తెలియజేస్తుంది. హెచ్.పి. పిన్ను పద్ధతి వేరు. సమాచారం అందని డెల్ లాప్‌టాప్ జాగ్రత్త వహించి బ్యాటరీ ఛార్జింగ్‌ను ఆపి, ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది. యంత్రం పాడవదు, కాని నెమ్మదిగా పనిచేస్తుంది. డెల్ వారి అసలు ఛార్జరులోనే పిన్ను వంగినా, తీగ తెగినా ఇదే సందేశం వస్తుంది. కనుక దీనిని చూసి మదర్‌బోర్డు పోయిందని భావించరాదు.

యు.ఎస్.బి. టైప్-సి ఛార్జర్లు

టైప్-సి ఛార్జరు మొదట 5 వోల్టులు మాత్రమే ఇస్తుంది. లాప్‌టాప్, ఛార్జరు పరస్పరం సమాచారం ఇచ్చిపుచ్చుకున్న తరువాతనే 20 వోల్టుల వరకు, కొన్నింటిలో ఇంకా పైకి పెరుగుతుంది. ఛార్జరు వాట్లు లాప్‌టాప్‌నకు ముందే తెలుస్తాయి కాబట్టి, ప్రమాణాల ప్రకారం తయారైన ఛార్జరు ఏ కంపెనీదైనను వాడవచ్చును. వాట్లు తక్కువైనచో ఛార్జింగ్ నెమ్మదిగా జరుగుతుంది, లేదా లాప్‌టాప్ దానిని నిరాకరిస్తుంది.

ఇవి కూడా చూడండి

- లిథియం అయాన్ బ్యాటరీ
- ఓమ్ నియమము
- యు.ఎస్.బి.